రెండు ఫోన్ల కాల్స్ కలిపితే మధ్య విరామం ఎంత? లెక్క ఎక్కడో తప్పుతోంది

కౌంటర్_కామాక్షి
అందరికీ నమస్కారం. నేను ఒక రక్తపరీక్షల కేంద్రంలో ఫోన్లు తీస్తాను. మాకు రెండు నంబర్లు ఉన్నాయి, ఒకటి ల్యాండ్‌లైన్, ఒకటి మొబైల్. ఉదయం 10 నుంచి 1 వరకు ల్యాండ్‌లైన్‌కు గంటకు సగటున 12 కాల్స్, మొబైల్‌కు 8 వస్తున్నాయి. రెండూ ఒకే ఇపిఎబిఎక్స్ పెట్టెలోకి చేరతాయి. ఆ పెట్టె ఒక కాల్ నాకు, తర్వాతది నా పక్కన కూర్చునే ఆమెకు, ఇలా వంతులవారీగా పంపుతుంది. మేము మాటల్లో ఉంటే అవతలివారికి పాట వినిపిస్తుంది. ఒక్కో కాల్‌కు మాకు సగటున 4 నిమిషాలు పడుతుంది.

మా యజమాని మేనల్లుడు ఇంజనీరింగ్ చదువుతున్నాడు. ల్యాండ్‌లైన్‌లో 5 నిమిషాలకొక కాల్, మొబైల్‌లో ఏడున్నర నిమిషాలకొక కాల్ కాబట్టి రెండూ కలిస్తే సగటు విరామం ఆరుంపావు నిమిషాలంటున్నాడు. ఆరుంపావు నిమిషాల విరామం ఉంటే నేను హాయిగా టీ తాగేదాన్ని. ఇది పాయిజాన్ లెక్క అని కూడా అన్నాడు. అదేమిటో, మా వంతుల పద్ధతి మంచిదో కాదో ఎవరైనా చెప్పగలరా?

గుణింతం
మేనల్లుడు విరామాలకు సగటు తీశాడు, అది తప్పు. కూడవలసింది కాల్స్‌ను. 12, 8 కలిపితే గంటకు 20. అంటే 3 నిమిషాలకొకటి. రెండో ప్రవాహం వచ్చి చేరితే విరామం తగ్గుతుందే గాని, పెరగడం ఎలా సాధ్యం?

ఇంకొక మాట. ఒక లైన్‌లో వచ్చే ఖాళీలను రెండో లైన్ పూడుస్తుంది కనుక, కలిసిన ప్రవాహం విడివిడి లైన్ల కంటే నిలకడగా ఉంటుంది. మీకు కాల్స్ ఇంచుమించు మూడేసి నిమిషాల దూరంలో వస్తూ ఉండాలి.

పాత_ఎక్స్ఛేంజి
గుణింతం గారి మొదటి పేరా ఒప్పు, రెండోది కాదు. ముప్ఫై ఏళ్లు టెలిఫోన్ ఎక్స్ఛేంజీలో పనిచేశాను, ఈ పొరపాటును చాలామంది నోట విన్నాను.

కామాక్షి గారూ, కాల్స్ ఒకదానితో ఒకటి సంబంధం లేకుండా, ఏ క్షణంలోనైనా ఒకే అవకాశంతో వస్తూ ఉంటే దాన్ని పాయిజాన్ ప్రక్రియ అంటారు. ఈ క్షణం నుంచి 3 నిమిషాల పాటు మీ ఫోన్ మోగకూడదనుకోండి. అందుకు రెండు లైన్లూ మౌనంగా ఉండాలి. ల్యాండ్‌లైన్‌కు 3 నిమిషాల్లో సగటున 0.6 కాల్ వస్తుంది కాబట్టి అది మౌనంగా ఉండే సంభావ్యత e^(-0.6), దాదాపు 0.55. మొబైల్‌కు 0.4 కాల్, దాని మౌనం e^(-0.4), దాదాపు 0.67. ఒకదాని సంగతి రెండోదానికి తెలియదు కనుక రెంటినీ గుణించాలి. వచ్చేది e^(-1), అంటే 0.37. గంటకు 20 వచ్చే ఒకే లైన్ ఉంటే ఎంత వస్తుందో సరిగ్గా అంతే. ఘాతాల్లో 12, 8 కూడుకున్నాయి తప్ప విభాజనం ఆకారం మారలేదు. విడిగా ఎంత ఎగుడుదిగుడో కలిశాక కూడా అంతే ఎగుడుదిగుడు. కాకపోతే వేగం పెరిగింది.

అందుకని విరామాల్లో నూటికి 28 ఒక నిమిషం లోపే ఉంటాయి. నూటికి 5 మాత్రం తొమ్మిది నిమిషాలు దాటతాయి. మీ టీ ఆ అయిదింటిలో ఉంది.

ఇంకో చిత్రం. తర్వాత మోగేది ల్యాండ్‌లైన్ అయ్యే అవకాశం ఎప్పుడు చూసినా 12/20, అంటే నూటికి 60. అది అరగంటగా మోగకపోయినా అంతే, ఇప్పుడే పెట్టేసినా అంతే. "చాలాసేపటి నుంచి రాలేదు, ఇక వచ్చేస్తుంది" అన్న మాట ఈ ప్రక్రియలో చెల్లదు. కొపెన్‌హాగెన్ టెలిఫోన్ కంపెనీలో పనిచేసిన ఎర్లాంగ్ 1909లోనే ఫోన్ కాల్స్‌కు ఈ లెక్క కట్టాడు. మా రోజుల్లో లైన్ల మీద భారాన్ని ఆయన పేరుతోనే కొలిచేవాళ్లం.

మూడో_స్టాపు
నేను దీనితో ఏకీభవించను. మా వీధి చివర రెండు రూట్ల బస్సులు ఆగుతాయి. ఒక్కో రూటులో 15 నిమిషాలకొక బస్సు. మీ లెక్క ప్రకారం గంటకు 8 బస్సులు, ఏడున్నర నిమిషాలకొకటి. ఎప్పుడు వెళ్లినా రెండూ ఒకదాని వెనుక ఒకటి వెళ్లిపోయి ఉంటాయి. అప్పుడు నిండా పావుగంట నిలబడాలి. కలిపితే ఏం లాభం?

పాత_ఎక్స్ఛేంజి
బాబూ, మీ బస్సులు గడియారం చూసుకుని బయలుదేరేవి. వాటికి ఈ లెక్క వర్తించదు. సరిగ్గా 15 నిమిషాలకొకటి నడిచే రెండు రూట్లు కలిస్తే ఏమవుతుందన్నది వాటి మధ్య ఎడం ఎంతో దాన్ని బట్టి ఉంటుంది. రెండూ జంటగా వస్తే మీరు సగటున ఏడున్నర నిమిషాలు నిలబడతారు, అంటే రెండో రూటు ఉన్నా లేనట్టే. ఏడున్నర నిమిషాల ఎడంతో వస్తే మూడు ముప్పావు నిమిషాలే. ఆ ఎడం ఎంతో ఏమీ తెలియకపోతే సగటు 5. కలిశాక వచ్చేది ఏ రకంగానూ పాయిజాన్ కాదు.

రూళ్ళకర్ర
ఇక్కడ ఒక చిన్న చేర్పు. గడియారం ప్రకారం నడిచే రూట్లు రెండు కాకుండా యాభై ఉండి, ఒక్కొక్కటీ చాలా అరుదుగా వస్తూ, ఒకదానితో ఒకటి సంబంధం లేకుండా నడిస్తే, పెద్ద కూడలిలో నిలబడిన మనిషికి ఆ మొత్తం పాయిజాన్‌కు దగ్గరగానే కనిపిస్తుంది. పామ్, ఖిన్‌చిన్ అనే ఇద్దరి పేర్లతో ఈ సిద్ధాంతం ఉంది. ఫోన్ కాల్స్‌కు పాయిజాన్ అంత బాగా అతకడానికి కారణం కూడా ఇదే. వేలమంది ఉంటారు, ఒక్కొక్కరు ఏడాదికి ఒకటి రెండుసార్లు చేస్తారు, ఒకరి సంగతి ఒకరికి తెలియదు.

(డిగ్రీ కళాశాలలో గణాంకశాస్త్రం చెబుతాను. అందుకని ఎవరూ అడగకపోయినా జోక్యం చేసుకున్నాను.)

కౌంటర్_కామాక్షి
3 నిమిషాల సంగతి అర్థమైంది, మేనల్లుడికి చూపించాను. అతను ఒప్పుకోలేదు గాని మాట మార్చాడు. ఇప్పుడు ఇంకో ప్రశ్న. మా కాల్స్‌లో నూటికి 60 ఇంటికి వచ్చి రక్తం తీసుకోమని, మిగిలిన 40 రిపోర్టుల కోసం. వీటిని వేర్వేరు మనుషులకు పంపుదామంటున్నారు. విడదీశాక అవి కూడా పాయిజానేనా?

గుణింతం
విడదీస్తే గంటకు 12, 8. కాని ఇవి స్వతంత్రంగా ఉండవు. ఒకే మొత్తంలోంచి పంచుతున్నాం కదా. ఒక గంటలో ఇంటి కాల్స్ 20 వచ్చేశాయంటే రిపోర్టుల కాల్స్‌కు ఏమీ మిగలదు. ఒకటి పెరిగితే రెండోది తగ్గి తీరాలి.

రూళ్ళకర్ర
గుణింతం గారూ, మా విద్యార్థుల్లో సగంమంది ఇదే అంటారు. మీ వాదనలో ఒక మాట దాగి ఉంది. మొత్తం 20 అని మీరు ముందే బిగించేశారు. మొత్తం గంటగంటకూ మారుతుంది, 20 దాని సగటు మాత్రమే.

ఇంటి కాల్స్ 20 వచ్చాయని ఎవరో మీకు చెప్పారనుకోండి. ఆ మాట మిమ్మల్ని రెండు వైపులకు లాగుతుంది. "ఈ గంట మామూలు కంటే రద్దీగా ఉన్నట్టుంది, రిపోర్టుల కాల్స్ కూడా పెరిగి ఉంటాయి" అని ఒక లాగుడు. "ఉన్న కాల్స్‌లో ఎక్కువ భాగం ఇంటివైపే పోయింది, రిపోర్టులవి తగ్గి ఉంటాయి" అని రెండోది. పాయిజాన్‌లో ఈ రెండూ ఒకదాన్నొకటి సరిగ్గా రద్దు చేసుకుంటాయి. రిపోర్టుల కాల్స్ సగటు 8 దగ్గరే నిలబడుతుంది. లెక్కలో చూపాలంటే, మొత్తం N, ఒక వైపు పోయే సంభావ్యత p అయితే, రెండు భాగాలూ కలిసి పెరుగుతాయా, ఎదురెదురుగా పోతాయా అన్నది చెప్పే సహవిస్తృతి ఇది:

```
Cov = p(1-p) * (Var(N) - E(N))
```

ఇందులో Var(N) అంటే విస్తృతి, మొత్తం తన సగటు E(N) చుట్టూ ఎంత చెదురుతుందో చెప్పే కొలత. పాయిజాన్‌లో విస్తృతి, సగటు సమానం కాబట్టి ఇది సున్నా. మొత్తం బిగిసి ఉంటే విస్తృతి సున్నా, అప్పుడు సహవిస్తృతి రుణాత్మకం. మీరు చెప్పినది ఆ సందర్భానికి నిజమే. కాల్స్ గుంపులు గుంపులుగా వచ్చే చోట విస్తృతి సగటును మించుతుంది, రెండు భాగాలూ కలిసి పెరుగుతాయి, కలిసి తగ్గుతాయి. సహవిస్తృతి సున్నా అయినంత మాత్రాన స్వతంత్రమని చెప్పలేము. కాని పాయిజాన్ ప్రక్రియను ఇలా విడదీసినప్పుడు భాగాలు నిజంగానే స్వతంత్రం, ఒక్కొక్కటీ మళ్లీ పాయిజానే.

షరతు ఒకటే. ఏ కాల్ ఎటు పోతుందన్నది ఆ కాల్‌కు విడిగా తేలాలి, ముందు కాల్ ఎటు పోయిందో చూసి తేలకూడదు.

గుణింతం
మొత్తాన్ని నేనే బిగించాను, ఒప్పుకుంటున్నాను. కాని మీ షరతు చూశాక కామాక్షి గారి పెట్టె మీద అనుమానం వచ్చింది. అది ముందు కాల్ ఎటు పోయిందో చూసే కదా పంపుతోంది?

రూళ్ళకర్ర
పట్టేశారు. వంతులవారీగా పంచితే కామాక్షి గారికి వచ్చేవి పాయిజాన్ కావు. ఆమె రెండు కాల్స్ మధ్య ఎప్పుడూ పక్కామె కాల్ ఒకటి పడుతుంది, అందుచేత ఆమె విరామం అసలు విరామాలు రెండింటి మొత్తం. సగటు 6 నిమిషాలే. కాని విరామాలు ఆ సగటు నుంచి ఎంత అటూ ఇటూ ఊగుతాయో చెప్పే క్రమ విచలనం 6 ఉండదు, 6ను √2తో భాగిస్తే వచ్చే 4.24 అవుతుంది. మరీ పొట్టి విరామాలు తగ్గిపోతాయి. మేనల్లుడు గారు నమ్మకపోతే ఇది నడిపి చూడమనండి:

```python
import random, statistics as st
t, mine = 0, []
for i in range(200000):
    t += random.expovariate(20/60)
    if i % 2 == 0:
        mine.append(t)
gaps = [b - a for a, b in zip(mine, mine[1:])]
print(st.mean(gaps), st.stdev(gaps))
```

`i % 2 == 0` తీసేసి `random.random() < 0.5` పెడితే, అంటే బొమ్మా బొరుసూ వేసి పంచితే, సగటు, విచలనం రెండూ 6 దగ్గరకు వస్తాయి.

మూడో_స్టాపు
అయితే వంతుల పద్ధతి మంచిదే కదా. క్రమంగా వచ్చేది ఎప్పుడూ మంచిదని మా స్టాపులో నిలబడి నేర్చుకున్నాను.

పాత_ఎక్స్ఛేంజి
బొమ్మాబొరుసు కంటే మంచిదే. కాని దాని కంటే మంచిది ఇంకొకటి ఉంది. కాల్ నిడివి కూడా పాయిజాన్ విరామాల లాగే ఘాతీయ విభాజనంలో ఉందనుకుని మూడు పద్ధతులకూ లెక్క కట్టాను. నిజంగా అలా ఉండకపోవచ్చు. అంకెలు మారతాయి, వరుస మారదు. గంటకు 20 కాల్స్, ఇద్దరు మనుషులు, కాల్‌కు 4 నిమిషాలు. ఒక్కొక్కరు గంటలో మూడింట రెండు వంతులు మాటల్లో ఉంటారు.

బొమ్మాబొరుసుతో పంచితే, అవతలి మనిషి సగటున 8 నిమిషాలు పాట వింటాడు. వంతులతో పంచితే 5.4 నిమిషాలు. అసలు పంచకుండా అందరినీ ఒకే వరుసలో నిలబెట్టి, ఎవరు ముందు ఖాళీ అయితే వారికి పంపితే 3.2 నిమిషాలు.

పనిచేసేవాళ్లు అదే ఇద్దరు, కాల్స్ అవే. తేడా ఎక్కడి నుంచి వచ్చింది? వంతుల పద్ధతిలో కామాక్షి గారు ఖాళీగా గోడ చూస్తూ కూర్చున్నప్పుడు కూడా, పక్కామె వంతుకు వచ్చిన కాల్ ఆమె కోసమే పాట వింటూ ఉంటుంది. నాది చాదస్తమనుకోండి గాని, ఆ పెట్టె అమరికను ఇవాళే మార్పించండి.

కౌంటర్_కామాక్షి
ఇది నాకు రోజూ జరుగుతుంది! పక్కన దీపం వెలుగుతూ ఉంటుంది, నేను తీయలేను. నా తప్పేమో అనుకునేదాన్ని.

మూడు రోజుల చిట్టా పెట్టె నుంచి తీయించాను, సెకన్లతో సహా ఉంది. 9 గంటల్లో 180 కాల్స్. మీరు చెప్పినట్టే గంటకు 20. రోజుల మధ్య విరామాలు వదిలేస్తే మిగిలినవి 177. వాటిలో నూటికి 28 అంటే 50 విరామాలు నిమిషం లోపు ఉండాలి. నేను లెక్కపెడితే 74 ఉన్నాయి. రెండుసార్లు లెక్కపెట్టాను.

గుణింతం
50కి బదులు 74 అంటే అదృష్టం మీద నెట్టలేము. లెక్క ప్రకారం అటూ ఇటూ ఆరు దాకా ఊగడం మామూలే. 24 తేడా చాలా ఎక్కువ. మీ కాల్స్ పాయిజాన్ కావు.

పాత_ఎక్స్ఛేంజి
తొందరపడకండి. కామాక్షి గారూ, ఆ పొట్టి విరామాల్లో ఒకటి రెండు ఇక్కడ పెట్టండి. నంబర్లు పూర్తిగా వద్దు, చివరి రెండు అంకెలు చాలు.

కౌంటర్_కామాక్షి
మొదటి రోజువి:

```
10:12:40  ల్యాండ్‌లైన్  ..41
10:15:27  మొబైల్       ..41
10:15:58  ల్యాండ్‌లైన్  ..07
10:16:31  మొబైల్       ..07
```

అయ్యో. ఒకే మనుషులు!

పాత_ఎక్స్ఛేంజి
అనుకున్నాను. మీ రిపోర్టు కవరు మీద రెండు నంబర్లూ పక్కపక్కనే అచ్చువేసి ఉంటారు. మొదటిదానిలో పాట విని విసుగొచ్చి పెట్టేసి, రెండోదానికి చేస్తారు. రెండు లైన్లు కలిపితే పాయిజాన్ అని నేను చెప్పినప్పుడు "ఒకదాని సంగతి రెండోదానికి తెలియదు" అన్నాను. ఇక్కడ తెలుసు. ఒక లైన్‌లో విసుగు పుడితే రెండో లైన్‌లో కాల్ పుడుతోంది. మా ఎక్స్ఛేంజీలో కూడా ఇదే గొడవ. లైన్లు నిండిన పూట లెక్కలో కనిపించే కాల్స్, నిజంగా మాట్లాడాలనుకున్న మనుషుల కంటే ఎప్పుడూ ఎక్కువే.

అయిదు నిమిషాల లోపు మళ్లీ చేసిన అదే నంబర్లను తీసేసి ఇంకొకసారి లెక్కపెట్టండి.

కౌంటర్_కామాక్షి
రాత్రి కూర్చుని చేశాను. మళ్లీ చేసినవి 26. వాటిలో 22 మొబైల్‌కు, 4 ల్యాండ్‌లైన్‌కు. తీసేస్తే 154 మిగిలాయి, గంటకు 17. మొబైల్‌కు నిజంగా వచ్చేవి గంటకు 8 కాదు, అయిదున్నర. అది వేరే ప్రవాహమని ఇన్నాళ్లూ అనుకున్నాం. దానిలో దాదాపు మూడో వంతు ల్యాండ్‌లైన్ నుంచి పొంగి పొర్లినదే.

ఇప్పుడు నిమిషం లోపు విరామాలు 45. ఎన్ని ఉండాలి?

రూళ్ళకర్ర
గంటకు 17 కాల్స్, 151 విరామాలు. నిమిషం లోపు ఉండవలసినవి 37. ఊగిసలాట అయిదు వరకు సహజం. 45 అంటే కొంచెం ఎక్కువే గాని, పాయిజాన్ కాదని తేల్చడానికి చాలదు, అవునని సంతకం పెట్టడానికీ చాలదు. నేనైతే 10–11, 11–12, 12–1 గంటలను విడివిడిగా చూస్తాను. మొదటి గంట రద్దీగా, చివరి గంట మందంగా ఉంటే, మూడింటినీ కలిపి ఒకే సగటు వేసినప్పుడు పొట్టి విరామాలు ఎక్కువగానే కనిపిస్తాయి. వేగం నెమ్మదిగా మారడం వల్ల అది పాయిజాన్ కాకుండా పోదు. మనం వేసిన ఒకే సగటు దానికి సరిపోదు, అంతే.

మళ్లీ చేసినవాటిని పూర్తిగా మరచిపోకండి. పాట వింటూ పెట్టేసిన కాల్‌కు మీరు 4 నిమిషాలు ఖర్చుపెట్టలేదు, కాబట్టి పని భారం లెక్కకు 17 సరైనదే. ఎంతమంది విసుగు చెందారన్న లెక్కకు మాత్రం ఆ 26 కావాలి.

గుణింతం
నాకు ఇంకో అనుమానం. పక్క క్లినిక్‌లో డాక్టరు గారు వరుసగా ఇద్దరు ముగ్గురికి పరీక్షలు రాస్తే, వాళ్లు బయటికి వచ్చి ఒకేసారి ఫోన్ చేయవచ్చు. నంబర్లు వేరు కనుక మీ వడపోతలో దొరకరు. రూళ్ళకర్ర గారు చెప్పిన గుంపులు అవే అయితే, ఇంటి కాల్స్, రిపోర్టుల కాల్స్ కలిసి పెరుగుతూ ఉండాలి. గంటవారీగా ఆ రెండూ విడదీసి చూపగలరా?

రూళ్ళకర్ర
తొమ్మిది గంటల చిట్టాతో అది తేలదు. పైగా ఉదయం రద్దీ కూడా రెండింటినీ కలిపే పెంచుతుంది, దాన్నీ దీన్నీ విడదీయడం కష్టం. ఒక నెల చిట్టా, పావుగంట లెక్కన, ఒకే వేళవి పక్కపక్కన పెట్టుకుని చూడాలి.

పాత_ఎక్స్ఛేంజి
గంటకు 17తో నా లెక్క మళ్లీ చేశాను. ఒకే వరుస పెడితే సగటున పాట వినేది రెండు నిమిషాల లోపే. విసుగు తగ్గితే మళ్లీ చేసేవాళ్లూ తగ్గుతారు. అయితే నా లెక్కలో ఎవరూ మధ్యలో పెట్టేయరు. మీవాళ్లు పెట్టేస్తారు. అసలు అంకె ఎంతో మార్పు చేశాక మీ చిట్టాయే చెప్పాలి.

మూడో_స్టాపు
బస్సు దాటిపోతే మళ్లీ ఫోన్ చేసినట్టు మళ్లీ పిలవలేము, అదొక్కటే తేడా. మా స్టాపులో ఆ రెండు రూట్ల ఎడం ఎంతో వారం రోజులు రాసిపెట్టి ఇక్కడికి తెస్తాను.

కౌంటర్_కామాక్షి
పెట్టె అమర్చిన అతను గురువారం వస్తానన్నాడు. "ఎవరు ఖాళీగా ఉంటే వారికి" అనే అమరిక దానిలోనే ఉందట, ఇన్నాళ్లూ ఎవరూ అడగలేదట. మొబైల్ నంబరు కవరు మీద నుంచి తీసేద్దామని మా యజమాని అంటున్నారు. అది ఇప్పుడే వద్దన్నాను, రెండు మార్పులూ ఒకేసారి చేస్తే దేనివల్ల ఏం జరిగిందో తెలియదు కదా. ఆ 26 ఎంతకు దిగిందో వచ్చే నెల చిట్టాతో చెబుతాను.